రాత్రి ఒంటిగంటకు తాగి పంపిన మెసేజ్, ఇప్పుడు ఏం చెప్పాలి?

మాది వైజాగ్. మూడు వారాలుగా ఒకమ్మాయితో మాట్లాడుతున్నాను. రెండుసార్లు బీచ్ రోడ్డులో కలిశాం. ఇద్దరం ఇంకా 'మీరు' అనే పిలుచుకుంటాం.

శనివారం స్నేహితులతో తాగి ఇంటికొచ్చాక 1:10కి "పడుకున్నావా?" అని పంపాను. తర్వాత "నువ్వంటే చాలా ఇష్టం" అన్నాను. 1:40కి "ఎందుకు పలకట్లేదు?" అని అడిగాను. తను పదికే పడుకుంటుందని నాకు తెలుసు.

పొద్దున చూసుకుని చివరిది డిలీట్ చేశాను. కానీ డిలీట్ చేసిన గుర్తు అక్కడే ఉండిపోయింది. అదే ఎక్కువ అనుమానంగా కనిపిస్తోందేమో. నేను డిలీట్ చేసేలోపే తను ఆరింటికి లేచి, మూడూ వరసగా, పక్కన టైముతో సహా చదివి ఉంటుంది. సాయంత్రం ఏడింటికి చెప్పుంటే ఆ రెండో మాట ముద్దుగా ఉండేది. ఆ వేళకి, అందులోనూ 'నువ్వు' అనేసరికి, చనువు తీసుకున్నట్టయింది.

తొమ్మిదింటికి "నిన్న తాగారా?" అని మాత్రమే అడిగింది. అవునన్నాను, సారీ చెప్పాను. అప్పటినుంచి పొడిపొడిగా మాట్లాడుతోంది.

ఇష్టమన్నది నిజం. అది మందు మాట అనుకోవడమే నాకు బాధ. పగటిపూట ఫోన్ చేసి మళ్లీ చెప్పాలా, ఆదివారం కలిసేదాకా ఆగాలా? ముఖ్యంగా అమ్మాయిలు చెప్పండి, అలాంటి మెసేజ్ తర్వాత మీకు ఏది ఇబ్బందిగా అనిపించదు?