"టేబుల్" అంటే మొదలెట్టేశాను: సెమినార్ మధ్యలో అర్థం అడగొచ్చా, అడగకూడదా?

నరసన్నపేట అమ్మాయి
సెమినార్‌లో ఎవరైనా ఇంగ్లీషు జాతీయం వాడితే, అర్థం కానప్పుడు అక్కడికక్కడే అడగాలా, క్లాసయ్యాక చూసుకోవాలా? అడిగితే మర్యాదగా, సూటిగా ఎలా అడగాలి?

నా సంగతి చెప్తాను. ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేస్తున్నాను, క్లాసులో పన్నెండు మందిమి. మొన్న నేను ఉద్దానం కిడ్నీ జబ్బు ప్రస్తావించాను. మేడం "లెట్స్ టేబుల్ ఉద్దానం" అన్నారు. మన పేపర్లలో బిల్లును సభలో టేబుల్ చేశారని రాస్తారు కదా, అదే అనుకుని సంతోషంగా నోట్సు తీసి కవిటి, సోంపేట అంటూ చెప్పడం మొదలుపెట్టాను. తీరా చూస్తే అందరూ వేరే పేజీ తిప్పుతున్నారు. తర్వాత చూద్దామని మేడం నవ్వుతూ ఆపేశారు. ఆవిడ అమెరికావారట. పక్కనున్న అమ్మాయిని గుసగుసగా అడిగితే, ఆమె కూడా "ఇప్పుడే మాట్లాడమని" అంది, ఎంతో నమ్మకంగా!

బొబ్బిలి బుల్లోడు
మధ్యలో అడగొద్దండీ. నోట్‌బుక్ చివరి పేజీలో మాట రాసుకుని, రూముకెళ్లి డిక్షనరీ చూసుకోవాలి. నేను రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. ఒక్క మాట కోసం పదకొండు మందిని ఆపడం బాగోదు.

ఆమదాలవలస మావయ్య
అమ్మా, మా అబ్బాయి కూడా ఐఈఎల్‌టీఎస్ రాస్తున్నాడు. స్పీకింగ్‌లో జాతీయాలు వాడితే మార్కులు పెరుగుతాయంటున్నారు, ఓ యాభై బట్టీ పట్టమన్నాను. మీరు వాడినవి ఉంటే పంపుతారా?

రాజాం కుర్రోడు
మావయ్యా, ఆ అమ్మాయి జాతీయాలు వాడటం గురించి అడగట్లేదు, అవతలివాళ్లు వాడితే ఏం చేయాలని అడుగుతోంది. మీ వాడిచేత మాత్రం యాభై బట్టీ పట్టించకండి, పరీక్షలో అతికించినట్టు తెలిసిపోతుంది.

గంటస్తంభం
నేను విజయనగరం దాన్నే. బయట దేశంలో చాలాకాలం విదేశీ విద్యార్థులకు సెమినార్ ఇంగ్లీషు చెప్పాను, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

బుల్లోడు చెప్పింది సగం నిజం. మాటకు అందం తేవడానికో, నవ్వించడానికో వాడిన మాటైతే రాసుకుని వదిలేయొచ్చు. కానీ ఈ "టేబుల్" విషయంలో డిక్షనరీ కాపాడదు. బ్రిటన్‌లో టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. ఒకే మాట, రెండు ఎదురుబొదురు అర్థాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ మాట మీదే చాలాసేపు గొడవపడ్డారని, తీరా ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని తేలిందని చర్చిల్ రాశాడు. ఇంగ్లండ్ క్లాసులో అమెరికా టీచరు మాట్లాడుతుంటే ఏ అర్థమో పుస్తకం ఎలా చెప్తుంది? ఆ మనిషినే అడగాలి.

ఎప్పుడు అడగాలంటే, ఆ మాటను బట్టి నువ్వు తర్వాత చేసే పని మారుతుందా అని చూసుకో. మాట్లాడాలా ఆగాలా, నా వాదన ఒప్పుకున్నారా కొట్టేశారా, ఇవి తేలకపోతే అప్పుడే అడుగు. మిగతావి తర్వాత.

ఎలా అంటే, "వాట్ డజ్ ఇట్ మీన్" అనకు. ఆ మాట ఎక్కడ పుట్టిందో కథ మొదలెడతారు, ఐదు నిమిషాలు పోతాయి. "ఐ డోంట్ అండర్‌స్టాండ్" అన్నా కష్టమే, ఏది అర్థం కాలేదో వాళ్లకు తెలియక మొత్తం పాఠం మళ్లీ చెప్తారు. "డు యు మీన్ లేటర్?" అని ఒక్కటే అడిగితే, సగం విని "యా, యా" అనేసి పోతారు. మాటను పట్టుకుని రెండు దారులు ముందు పెట్టు: "వెన్ యు సే టేబుల్, షల్ వి డిస్కస్ ఇట్ నౌ, ఆర్ లీవ్ ఇట్ ఫర్ లేటర్?" ఎవరైనా ఒక్క మాటలో జవాబు చెప్పాల్సిందే. పది సెకన్లు కూడా పట్టదు.

ఇంకో రెండు మన ప్రాంతపు గుంటలున్నాయి, నేనూ వాటిలో పడ్డాను. మనం ప్రశ్న ఉందని చెప్పడానికి "ఐ హావ్ ఎ డౌట్" అంటాం. అక్కడివాళ్లకు అది "మీరు చెప్పింది నమ్మట్లేదు" అన్నట్టు వినిపిస్తుంది. "కెన్ ఐ చెక్ వన్ థింగ్?" అంటే చాలు. రెండోది, "ఒకసారి చెప్పండి" మనకు మర్యాద, దాన్నే "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ వన్స్" అంటే వాళ్లకు ఆ "వన్స్" ఎందుకో అర్థం కాదు. దాని బదులు మొదట "కుడ్ యు" చేర్చు. ఆ తల ఊపడం కూడా తగ్గించు తల్లీ, అర్థమైందనుకుని ముందుకెళ్లిపోతారు.

రాజాం కుర్రోడు
మేడం, మీరు చెప్పిన ప్రశ్న బాగుంది, కానీ అది టీచరుకు ఎదురుగా పన్నెండు మందిలో కూర్చుంటే. నా క్లాసులో నలభై మంది, ప్రొఫెసరు మాట మధ్యలో చెయ్యెత్తితే ముఖం మాడ్చుకుంటారు. రెండుసార్లు అడిగితే "ఇంగ్లీషు రాని పిల్లాడు" అని ముద్ర పడింది, గ్రూపు ప్రాజెక్టులో రాత పని నాకివ్వలేదు. ఈ ఖర్చు ఎవరు లెక్కేస్తారు?

గంటస్తంభం
అది నిజమే. అంతమందిలో నేనూ మధ్యలో ఆపమనను. మాట పూర్తయ్యాక ప్రశ్నలడిగే సమయంలోనో, విరామంలోనో అడగొచ్చు. అయితే నువ్వు ఎలా అడిగావు? "సారీ, మై ఇంగ్లీష్ ఈజ్ పూర్" అని మొదలెట్టావా?

రాజాం కుర్రోడు
అవును.

గంటస్తంభం
ముద్ర నువ్వే చేతికిచ్చావు బాబూ. క్షమాపణ అక్కర్లేదు, సూటిగా వారి మాట మీదికి వెళ్లు. అలాగని అందరూ మంచిగా తీసుకుంటారని నేను చెప్పలేను.

బొబ్బిలి బుల్లోడు
ఈ రెండు దారుల ప్రశ్న నాకు మాత్రం నచ్చలేదు. అసలు అర్థం మూడోదైతే?

నరసన్నపేట అమ్మాయి
ఈ రోజు సరిగ్గా అదే జరిగింది! మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకు వచ్చే కిడ్నీ జబ్బుతో ఉద్దానాన్ని పోల్చాను. అక్కడ ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం కారణమై ఉండొచ్చంటున్నారు, ఇక్కడా కొబ్బరి, జీడి తోటల్లో ఎండలోనే పని కదా, కాబట్టి అదే కారణం అన్నాను. మేడం "దట్స్ ఎ బిట్ ఆఫ్ ఎ స్ట్రెచ్" అన్నారు. ఈసారి నీళ్లు నమలకుండా అడిగేశాను: "కెన్ ఐ చెక్? వెన్ యు సే స్ట్రెచ్, ఈజ్ ద కంపారిజన్ రాంగ్, ఆర్ ఈజ్ ద ఎవిడెన్స్ థిన్?"

రెండూ కాదన్నారు. పోలిక బాగుంది, ఆధారాలు కూడా చదవదగినవే, కానీ రెండు చోట్లా ఎండ ఉందని రెండింటికీ అదే కారణమని గెంతేశావు అన్నారు. అంటే నా వాదనలో ఏ మెట్టు జారిందో తెలిసింది. "వాట్ డజ్ ఇట్ మీన్" అంటే ఇది వచ్చేది కాదేమో.

బొబ్బిలి బుల్లోడు
వచ్చేదేమో, ఎవరికి తెలుసు. మంచి టీచరు కాబట్టి మూడోది చెప్పింది, కొందరు రెండింటిలో ఏదో ఒకటి అనేసి ఊరుకుంటారు.

గంటస్తంభం
ఇది ఒప్పుకుంటాను. అనుమానంగా ఉంటే చివర "ఆర్ సమ్‌థింగ్ ఎల్స్?" అని తగిలించు, మూడు మాటలే.

ఆమదాలవలస మావయ్య
అయితే మా వాడు పరీక్షలో ఈ "కెన్ ఐ చెక్" అనొచ్చా?

రాజాం కుర్రోడు
ప్రశ్న మళ్లీ చెప్పమని అడగొచ్చు మావయ్యా. ఆ యాభై మాత్రం వదిలేయమనండి.

నరసన్నపేట అమ్మాయి
మేడం ఉద్దానాన్ని వచ్చే మంగళవారం మళ్లీ తీసుకుందామన్నారు. "టేబుల్" అనలేదు, "నెక్స్ట్ వీక్" అన్నారు.