పాత ఖాతాదారులకు పంపే ఆవకాయ ఉత్తరం: తా.క.లో ఆఫరు ఎలా చెప్పాలి, జవాబు ఎలా అడగాలి?

తెనాలి సుభద్ర

మేము తెనాలిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాము. గతంలో మా దగ్గర కొన్న 600 కుటుంబాలకు ఏటా మార్చి నెలాఖరున పోస్టులో ఒక ఉత్తరం పంపి, ఆవకాయకు ముందుగా ఆర్డర్లు తీసుకుంటాము. ఎన్ని కాయలు కొనాలో, ఎంత కారం పట్టించాలో ఏప్రిల్ ముగిసేలోగా మాకు తెలియాలి కనుక ఈ ఉత్తరం మీద చాలా ఆధారపడతాము. నిరుడు 17 ఆర్డర్లు మాత్రమే వచ్చాయి. ఫోన్లు మాత్రం నలభైకి పైగా వచ్చాయి, వాటిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇంతకీ తగ్గింపు ఇస్తున్నారా, మాగాయ ఇస్తున్నారా?"

ఉత్తరంలోని ముఖ్యమైన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి పేరా: "మా ఆత్మీయ ఖాతాదారులకు ఈ వేసవిలో ప్రత్యేక తగ్గింపు."
మూడో పేరా: "2 కిలోల ఆవకాయ తీసుకున్నవారికి అర కిలో మాగాయ ఉచితం."
సంతకానికి ముందు: "పోస్టు ఖర్చు మాదే. ఈ సదవకాశాన్ని వినియోగించుకోగలరు."
చివర: "తా.క. 10 శాతం తగ్గింపు కొద్ది రోజులు మాత్రమే. గోంగూర, పండుమిరప కూడా లభించును. వివరాలకు ఫోను, వాట్సాప్, వెబ్‌సైటు, ఫేస్‌బుక్ లేదా స్వయంగా సంప్రదించగలరు."

దీనిని ఎలా దిద్దాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

చందాల శాస్త్రి

నేను ఒక పత్రిక చందా విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పునరుద్ధరణ ఉత్తరాలు రాశాను. సుభద్ర గారూ, దిద్దే ముందు ఒక చిన్న పని చేయండి. ఆఫరు ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యం కింద ఎర్ర గీత, జవాబు ఎలా ఇవ్వాలో చెప్పే ప్రతి మాట కింద నీలి గీత గీయండి. మీరు పంపిన వాక్యాలలోనే నాకు నాలుగు చోట్ల ఎర్ర గీతలు, అయిదు రకాల నీలి గీతలు కనిపిస్తున్నాయి. నాలుగుసార్లు చెప్పడం కంటే, నాలుగుసార్లూ వేర్వేరు మాటలతో చెప్పడం ఎక్కువ చేటు చేసింది. మాటలు మారిన ప్రతిసారీ చదివేవారు అది మరో ఆఫరు అనుకుంటారు, రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేక ఉత్తరం పక్కన పెడతారు.

కనుక ముందుగా మీరు చెప్పవలసింది, నిజమైన ఆఫరు ఏది?

తెనాలి సుభద్ర

నిజమైన ఆఫరు మాగాయ ఒక్కటే. 10 శాతం తగ్గింపు అంతకుముందు ఏడాది ఉత్తరంలోది. ఆ ప్రతినే తీసి మళ్లీ వాడినప్పుడు తా.క. అలాగే ఉండిపోయిందని ఇప్పుడు గమనించాను. పోస్టు ఖర్చు మేము ఏడాది పొడవునా భరిస్తూనే ఉన్నాము.

శ్రీధర్, హైదరాబాదు

అయితే పరిష్కారం తేలికే కదా. ఆఫరు మూడో పేరాలో ఒక్కసారి చెప్పి ఊరుకుంటే సరిపోతుంది. తా.క.లో మళ్లీ అదే చెబితే చదివేవారికి విసుగు వస్తుంది కనుక, అక్కడ గోంగూర, పండుమిరప గురించి చెప్పడం మేలని నా అభిప్రాయం.

చందాల శాస్త్రి

శ్రీధర్ గారూ, ఒకసారి చెప్పి, దానిని ఒకసారి తిరిగి చెప్పాలన్నది నా ఉద్దేశం. అంటే మొత్తం రెండు చోట్ల రావాలి. దీనికి కారణం ఉత్తరం అందుకున్న మనిషి చేతిలోనే ఉంది. కవరు చింపగానే చాలామంది "ఎవరు రాశారు?" అని కింది సంతకం వైపు చూస్తారు. సంతకం కిందనే తా.క. ఉంటుంది. అంటే, పైన ఏముందో తెలియని మనిషి చదివే మొదటి పూర్తి వాక్యం అదే కావచ్చు. అక్కడ గోంగూర కనిపిస్తే ఆ మనిషి దానిని గోంగూర ఉత్తరం అనుకుంటారు. తా.క. ఒక్కటే చదివినవారికి ఏం వస్తుంది, ఎప్పటిలోగా, ఏం చేయాలి అన్న మూడూ తెలియాలి. పైనుంచి వరుసగా చదివి వచ్చినవారికి అది గుర్తు చేసినట్టు ఉంటుంది. ఒక్కసారే కనుక విసుగు కలగదు.

గోంగూర మాట వదులుకోవలసిన పని లేదు. దానిని పచ్చడితో పాటు డబ్బాలో పెట్టి పంపే ధరల పట్టికలోకి మార్చండి.

ప్రసాద్, విజయనగరం

శాస్త్రి గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను కానీ, జవాబు మార్గాలను తగ్గించడం మీద నాకు సందేహం ఉంది. ఒకరికి ఫోను, ఒకరికి వాట్సాప్ అలవాటు. ఎన్ని దారులు ఇస్తే అంత మంచిది. పైగా 50 పైసల పోస్టుకార్డులు 600 కొని, వాటి మీద ఆర్డరు ఫారం అచ్చు వేయించి జతచేస్తే ఖర్చు కూడా తక్కువే అవుతుంది.

చందాల శాస్త్రి

ప్రసాద్ గారి మాటలో సగం నిజం ఉంది. మీ ఖాతాదారులలో పెద్దవారు ఎక్కువ అయితే, కార్డు నింపడం కంటే ఫోను చేయడమే వారికి సుఖం కావచ్చు, ఆ దారి మూయకూడదు. అయితే అయిదు దారులు సమానంగా పరచినప్పుడు ఎంచుకునే భారం చదివేవారి మీద పడుతుంది. ఒకటి ప్రధాన మార్గం కావాలి, రెండోది ఒకే నంబరుతో దాని పక్కన నిలబడాలి. మిగిలినవి ఉత్తరంలో అసలు కనిపించకూడదు.

పోస్టుకార్డు విషయంలో జాగ్రత్త అవసరం. 50 పైసల ధర చేతితో రాసే మామూలు కార్డుకు వర్తించేది. సమాచారం అచ్చు వేసిన కార్డుకు ధర వేరు, అది చాలా ఎక్కువ. ఇలాంటి పనికి తపాలా శాఖలో బిజినెస్ రిప్లై సేవ ఉంది. పోస్టాఫీసులో అనుమతి తీసుకుని, ఆ అనుమతి సంఖ్యను నిర్ణీత నమూనాలో కార్డు మీద అచ్చు వేయిస్తే, పంపేవారు స్టాంపు అంటించనక్కర్లేదు. తిరిగి వచ్చిన కార్డులకు మాత్రమే మీరు రుసుము చెల్లిస్తారు. అనుమతికి సమయం పడుతుంది కనుక ఉత్తరం అచ్చుకు ఇచ్చే ముందే ఆ పని మొదలుపెట్టండి.

లలిత, న్యూజెర్సీ

మాది వ్యాపారం కాదు, ఇక్కడి తెలుగు సంఘం విరాళాల ఉత్తరం. అయినా మాకు జరిగిన పొరపాటు ఒకటి మీకు ఉపయోగపడవచ్చు. తా.క.లో "జతచేసిన జవాబు కవరులో చెక్కు పెట్టి పంపండి" అని చాలా స్పష్టంగా రాసుకున్నాము. కానీ ఉత్తరాలు మడిచి కవర్లలో పెట్టే రోజున ఒక బల్ల దగ్గర జవాబు కవర్ల కట్ట అందక, దాదాపు వంద ఉత్తరాలు అవి లేకుండానే వెళ్లిపోయాయి. వారిలో కొందరు ఫోను చేసి అడిగారు, మిగిలినవారు మిన్నకున్నారు. ఇప్పుడు మేము ఉత్తరాలు, జవాబు కవర్లు సమాన సంఖ్యలో లెక్కపెట్టి ప్రతి బల్లకూ ఇస్తున్నాము. చివర ఒక్క జవాబు కవరు మిగిలినా అది లేకుండా ఒక ఉత్తరం మడతపడిందని తెలిసిపోతుంది.

తెనాలి సుభద్ర

అందరికీ కృతజ్ఞతలు. మూడో పేరానూ తా.క.నూ ఇలా మార్చాను, దయచేసి చూడండి.

"మే నెలలో కాయ కోతకు వచ్చేలోపు ఎంత పచ్చడి పెట్టాలో మాకు తెలిస్తే, మంచి కాయను ముందుగా మాట్లాడుకోగలుగుతాము. అందుకే ముందుగా ఆర్డరు ఇచ్చినవారికి 2 కిలోల ఆవకాయతో పాటు అర కిలో మాగాయ ఉచితంగా ఇస్తున్నాము. జతచేసిన కార్డు మీద టిక్కు పెట్టి, ఏప్రిల్ 20 లోపు మాకు చేరేలా పంపండి. డబ్బు ఇప్పుడు పంపనక్కర్లేదు."

"తా.క. ఏప్రిల్ 20 లోపు కార్డు మాకు చేరితే 2 కిలోల ఆవకాయతో పాటు అర కిలో మాగాయ ఉచితం. స్టాంపు అక్కర్లేదు. కార్డు వద్దనుకుంటే పై నంబరుకు ఫోను చేయండి."

చందాల శాస్త్రి

గడువుకు కారణం చెప్పడం చాలా బాగుంది. "కొద్ది రోజులు మాత్రమే" కంటే కాయ కోత మాటను మీ ఖాతాదారులు వెంటనే నమ్ముతారు. రెండు చోట్లా ఆఫరును ఒకే మాటలతో చెప్పడం కూడా సరైన పని.

రెండు సవరణలు సూచిస్తాను. కార్డు ఎప్పుడు చేరుతుందో ఖాతాదారు చేతిలో లేదు, ఎప్పుడు డబ్బాలో వేయాలన్నది మాత్రమే ఉంది. కనుక "ఏప్రిల్ 20 లోపు పోస్టు చేయండి" అని రాసి, దారిలో ఉన్న కార్డుల కోసం మీరు మరో వారం ఆగండి. 21న కాయకు మాట ఇచ్చేస్తే, గడువులోపు వేసిన కార్డు 24న వచ్చినప్పుడు మాగాయ ఇవ్వలేని స్థితి వస్తుంది.

రెండోది, "పై నంబరు" అన్నారు. తా.క. మాత్రమే చదివే మనిషికి పైన ఏముందో తెలియదని ఇందాక అనుకున్నాము కదా. నంబరును తా.క.లోనే అంకెలతో వేయండి, ఎవరు ఏ వేళల్లో ఫోను ఎత్తుతారో దాని పక్కన రాయండి.

శ్రీధర్, హైదరాబాదు

నా పొరపాటు అర్థమైంది. అయితే కార్డు మీద కూడా ఆఫరు రాయాలి కదా, అప్పుడది మూడోసారి చెప్పినట్టు కాదా? ఇంకో ప్రశ్న: సగం ఉత్తరాలు పాత తా.క.తో, సగం కొత్త తా.క.తో పంపి, ఏది నయమో చూడవచ్చు కదా?

చందాల శాస్త్రి

కార్డు మీద మాట్లాడేది ఖాతాదారు. అక్కడ "అవును, నాకు 2 కిలోల ఆవకాయ, ఉచితంగా అర కిలో మాగాయ పంపండి" అని ఉండాలి, ఎందుకంటే ఉత్తరం పోయి కార్డు మాత్రమే ఫ్రిజ్ మీద మిగిలే ఇళ్లు చాలా ఉంటాయి. నేను దానిని పునరుక్తి కింద లెక్కించను.

పోల్చి చూడడం మంచి అలవాటే. కార్డు మూలన ఒక చిన్న గుర్తు వేస్తే ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. కానీ 300 ఉత్తరాల నుంచి 9 ఆర్డర్లు, మరో 300 నుంచి 13 వస్తే ఆ నాలుగు తా.క. వల్ల వచ్చాయని నేను చెప్పలేను. పైగా పాత తా.క.లో మీరు ఇవ్వని తగ్గింపు ఉంది, దానిని మళ్లీ పంపకూడదు.

శ్రీధర్, హైదరాబాదు

రెండో మాట ఒప్పుకుంటాను. కార్డు మాత్రం నా లెక్కలో మూడోసారే.

ప్రసాద్, విజయనగరం

వాట్సాప్ తీసేయడం నాకు ఇంకా సమ్మతం కాలేదు. ఆ ఫోను నంబరుకే వాట్సాప్ ఉంటే ఆ ఒక్క మాట చేర్చడం వల్ల నష్టం ఏమిటి?

తెనాలి సుభద్ర

ప్రసాద్ గారూ, ఆ నంబరుకు వాట్సాప్ ఉంది, కానీ పగలంతా ఫోను మా అత్తయ్య గారి దగ్గర ఉంటుంది, ఆమె సందేశాలు చూడరు. అది తేలేవరకు ఆ మాట చేర్చను.

ఈ రోజు కొత్త ప్రతిని, కార్డు నమూనాను మా పక్కింటి పిన్నిగారికి పది సెకన్లు చూపించి వెనక్కి తీసుకున్నాను. ఏం వస్తుంది అంటే "మాగాయ" అన్నారు, ఎప్పటిలోగా అంటే "ఏప్రిల్ 20" అన్నారు, ఏం చేయాలి అంటే "కార్డు వేయాలి" అన్నారు. ఆ తర్వాత కార్డు చేతికి ఇస్తే తిప్పి చూసి, "దీనికి స్టాంపు ఎంత అంటించాలి?" అని అడిగారు. చిరునామా వైపు స్టాంపు అవసరం లేదని ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఆమె తెలుగు తప్ప చదవరు. తా.క.లోని ఆ మాట కార్డు చేతిలో ఉన్నప్పుడు గుర్తుకు రాలేదు. అందుకని "స్టాంపు అక్కర్లేదు, ఇలాగే డబ్బాలో వేయండి" అన్న వాక్యాన్ని తెలుగులో టిక్కు గడికి సరిగ్గా కింద వేయించమని ప్రెస్సువారికి చెప్పాను. రేపు ప్రూఫు వస్తుంది.