మెషిన్ చేసిన తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూస్తే సరిపోతుందా?

సునీత_వరంగల్
ఆస్పత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. మందుల ట్రయల్‌లో చేరేవాళ్ళకిచ్చే సమ్మతి పత్రంలో ఒక పేరాను మెషిన్‌తో తెలుగు చేయించాం. ఆ తెలుగును మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి చూస్తే అర్థం అచ్చం మూలంలాగే వచ్చింది. ఇక తెలుగు సరిగ్గా ఉన్నట్టేనా?

పేరా ఇది: "అధ్యయనం ఫలితంగా మీరు గాయపడితే, మనం చికిత్స ఖర్చును భరిస్తాము. భోజనం చేసిన రెండు గంటలలోపు మాత్ర తీసుకోవద్దు. మీ సాధారణ సంరక్షణను ప్రభావితం చేయకుండా మీరు ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు."

కోడ్_కిరణ్
ఉన్నట్టే. అర్థం ఎక్కడైనా పోయి ఉంటే తిరిగి వచ్చేటప్పుడు బయటపడేది. పోయినదాన్ని మెషిన్ సొంతంగా పుట్టించలేదు కదా. మా ప్రాజెక్టులో ఈ పద్ధతే పెద్ద తప్పు పట్టింది. 'డాక్టరు చెప్తే తప్ప మాత్ర ఆపొద్దు' అని ఉండాల్సింది 'డాక్టరు చెప్తే మాత్ర ఆపవద్దు' అని వచ్చింది. తెలుగు చదివిన ఇద్దరు గమనించలేదు. తిరిగి ఇంగ్లీషు చేయగానే 'ఇఫ్' అని వచ్చేసరికి అందరికీ కనిపించింది. వాక్యం ఎగిరిపోవడం, 'వద్దు' పోవడం, అంకె మారడం, ఇవన్నీ దీంతో దొరుకుతాయి.

భాష్యం_లక్ష్మి
సునీత గారూ, దయచేసి ఆ పేరా ప్రింటుకు పంపకండి. మొదటి వాక్యం చూడండి. 'మనం ఖర్చును భరిస్తాము' అంటే రోగి కూడా అందులో ఉన్నట్టే. 'మేము' అని ఉండాలి. ఇంగ్లీషులో రెంటికీ 'వి' ఒక్కటే, కాబట్టి తిరిగి మార్చినప్పుడు తేడా కనపడదు. డబ్బు ఎవరు పెట్టుకుంటారన్న మాటే తలకిందులైంది.

కోడ్_కిరణ్
లక్ష్మి గారూ, ఒక్క సర్వనామం పట్టుకుని మొత్తం పద్ధతిని కొట్టేస్తున్నారు. ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో 'మనం' అని ఉంటే ఆస్పత్రే అని ఎవరికైనా అర్థమవుతుంది. బ్యాంకులో కూడా 'మనం లోన్ ఇస్తాం సార్' అంటారు. దాన్ని విని ఎవరూ వంతు తీసి ఇవ్వరు.

భాష్యం_లక్ష్మి
కౌంటరు దగ్గర మనిషి అనే మాట వేరు, సంతకం పెట్టే కాగితంలో మాట వేరు. ఈ పద్ధతి దీన్ని పట్టగలదో లేదో పరీక్షించాను. సునీత గారి పేరాలో 'మనం' తీసి 'మేము' పెట్టి తిరిగి మార్చాను. ఇంగ్లీషు ఒక్క అక్షరం మారలేదు. తప్పున్న తెలుగుకూ ఒప్పున్న తెలుగుకూ ఒకే ఇంగ్లీషు వస్తుంటే, ఆ ఇంగ్లీషు చూసి రెంటిలో ఏది మన కాగితంలో ఉందో ఎలా చెప్తారు? 'నువ్వు', 'మీరు' సంగతీ అంతే. అరవై ఏళ్ళ పెద్దాయన్ని నువ్వు అని రాసినా 'యు' అనే తిరిగొస్తుంది.

మోడల్_మురళి
బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చాలా మంచి టెక్నిక్. 2016 నుంచి మోడళ్ళ ట్రైనింగ్ డేటా పెంచడానికి వాడుతున్నారు, తెలుగు లాంటి భాషలకు బాగా కలిసొచ్చింది.

డా_పద్మ
మురళి గారూ, పేరు అదే కానీ పని వేరు. అక్కడ మోడల్‌కు నేర్పడానికి, ఇక్కడ రాసినదాన్ని తనిఖీ చేయడానికి.

శ్రీను_నెల్లూరు
నాకు ట్రయల్స్ గురించి తెలీదు, మా అమ్మ సంగతి చెప్తాను. డిశ్చార్జ్ కాగితంలో ఒక మాత్ర 'ఎవ్రీ అదర్ డే' అని ఉంది. ఫోన్లో తెలుగు చేస్తే 'ప్రతి ఇతర రోజు' అని వచ్చింది. "ఇతర రోజంటే ఏంట్రా, ఆదివారమా?" అంది అమ్మ. నాకు అనుమానం వచ్చి తిరిగి ఇంగ్లీషు చేస్తే చక్కగా 'ఎవ్రీ అదర్ డే' అని వచ్చింది. సరే, కరెక్టే అనుకుని వదిలేశాను. ఆమె రోజూ వేసుకుంది. తర్వాత మందుల షాపతను 'రోజు విడిచి రోజు' అని చెప్తే గానీ తెలియలేదు.

డా_పద్మ
శ్రీను గారు చెప్పింది చాలా ముఖ్యం. మాటకు మాట పెట్టేసిన అనువాదం తిరుగు ప్రయాణంలో అన్నిటికంటే బాగా నెగ్గుతుంది. పెట్టిన మాటల్ని అలాగే వెనక్కి తీస్తే మూలం వచ్చేస్తుంది కదా. మధ్యలో ఉన్న తెలుగు ఎవరికీ అర్థం కాకపోయినా సరే. అదే 'రోజు విడిచి రోజు' అని పెట్టి ఉంటే 'ఆల్టర్నేట్ డేస్' అని రావచ్చు, మాట మారిందని ఎర్ర గీత పడేది. 2005లోనే యంత్ర అనువాద పరిశోధకుడు హెరాల్డ్ సోమర్స్ దీన్ని పరీక్షించి, రానూపోనూ ఫలితాన్ని బట్టి వెళ్ళే దారిలో అనువాదం ఎంత బాగుందో చెప్పలేమని తేల్చారు. అప్పటి యంత్రాలు వేరు, ఒప్పుకుంటాను. కానీ ఈ కారణం ఇప్పటికీ పోలేదు.

నేను ఎథిక్స్ కమిటీలో కూర్చుంటాను కాబట్టి మిగతా రెండు వాక్యాలు కూడా చూశాను. 'విదిన్ టూ అవర్స్ ఆఫ్ ఎ మీల్' అన్నది మూలమైతే, తినే ముందు రెండు గంటలూ, తిన్నాక రెండు గంటలూ అని. తెలుగులో 'భోజనం చేసిన' అనడంతో ముందు సగం పోయింది. రోగి మాత్ర వేసుకుని వెంటనే అన్నం తింటే కాగితం ప్రకారం తప్పు చేయనట్టే. చివరి వాక్యం ఇంకా ఇబ్బంది. 'ప్రభావితం చేయకుండా మీరు ఉపసంహరించుకోవచ్చు' అన్నది షరతులా వినిపిస్తుంది, వైద్యం చెడగొట్టకపోతేనే మానుకోవచ్చన్నట్టు. మూలం ఇచ్చే భరోసా పూర్తిగా వేరు. 'గాయపడితే' అన్నదీ సరిపోదు. మందు వల్ల లివర్ దెబ్బతింటే దాన్ని మన ఊళ్ళో ఎవరూ గాయం అనరు.

కోడ్_కిరణ్
ఇవన్నీ ఒకే ఇంజన్‌తో రెండు వైపులా మార్చడం వల్ల వచ్చే సమస్యలు. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు వేరే కంపెనీది వాడితే సరి.

డా_పద్మ
వేరేది వాడటం మంచిదే, ఒకే యంత్రం తన అలవాటు తప్పును తానే సరిదిద్దేసుకోవడం తగ్గుతుంది. కానీ 'మనం'కి ఏ ఇంజనైనా 'వి' అనే ఇస్తుంది. సునీత గారూ, ఒకటి అడగాలి. తిరిగి మార్చింది అదే చాట్ విండోలోనా?

సునీత_వరంగల్
అవును మేడం, అదే విండోలో, దాని కిందే.

డా_పద్మ
అయితే మూలం ఇంగ్లీషు పైన దాని కళ్ళ ముందే ఉంది. తెలుగు చదివి చెప్పిందో, పైనున్నది చూసి అప్పజెప్పిందో తెలియదు. మనుషులతో చేయించినప్పుడు కూడా తిరుగు అనువాదకుడికి మూలం చూపించకూడదన్నదే మొదటి నియమం.

కోడ్_కిరణ్
కొత్త విండోలో చేసినా దాదాపు అదే వస్తుంది. పెద్ద తేడా ఉండదు.

భాష్యం_లక్ష్మి
కిరణ్ గారూ, మీకు ఇది ఇంజన్ ఎంపిక. నాకు ఇది బతుకు. ఒక ఏజెన్సీకి ఇలాంటి పత్రమే చేశాను. చివరి వాక్యం 'మీరు ఎప్పుడైనా మానేయొచ్చు. మానేసినా మీకు మామూలుగా అందే వైద్యం ఆగదు' అని రాశాను. అది తిరిగి ఇంగ్లీషులో 'ఈవెన్ ఇఫ్ యు స్టాప్' అని వచ్చిందని, మూలంలో 'స్టాప్' లేదని తప్పు కింద రాసుకున్నారు. 'ఉపసంహరించుకోవచ్చు' అని మార్పించారు, నా బిల్లులో కోత పెట్టారు. ఆ మాట ఎన్నికల నామినేషన్ల దగ్గర తప్ప ఊళ్ళో ఎక్కడ వింటారండీ? మంచి తెలుగు రాసినందుకు జరిమానా కట్టాను. తెలుగు ముక్క రానివాడు నా తెలుగుకు మార్కులు వేశాడు.

కోడ్_కిరణ్
మీ బిల్లు గొడవ ఇక్కడెందుకండీ? అడిగింది పద్ధతి గురించి.

భాష్యం_లక్ష్మి
పద్ధతి గురించే చెప్తున్నాను! తేడా వచ్చినప్పుడు తప్పు వెళ్ళేటప్పుడు జరిగిందా, వచ్చేటప్పుడు జరిగిందా, అసలు తప్పేనా అని తెలుగు వచ్చినవాళ్ళు కూర్చుని తేల్చాలి. అది చేయకుండా తేడా అంటేనే తప్పు అంటున్నారు. అలా అయితే అందరం మాటకు మాట పెట్టే తెలుగే రాయడం మొదలుపెడతాం. మొదలుపెట్టేశాం కూడా.

కోడ్_కిరణ్
సరే, సూటిగా మాట్లాడుకుందాం. స్పాన్సర్ బయటి దేశంలో ఉంటాడు, ఫైలు మీద సంతకం పెట్టేవాడికి తెలుగు రాదు. మీరు 'బాగుంది, నమ్మండి' అంటే అతను ఎలా నమ్మాలి? మీరు కూడా పొరబడొచ్చు, తొందరలో ఒక వాక్యం వదిలేయొచ్చు. అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క కిటికీ ఆ తిరుగు ఇంగ్లీషు. దాన్నీ మూసేయమంటున్నారు మీరు.

భాష్యం_లక్ష్మి
ఇదిగో, ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీరు ఫైలు గురించి మాట్లాడుతున్నారు, నేను ఆ కాగితం చదివి వేలిముద్ర వేసే మనిషి గురించి మాట్లాడుతున్నాను. స్పాన్సర్‌కి కిటికీ కావాలంటే పెట్టుకోండి. అది చూసి తెలుగు బాగుందని సర్టిఫికెట్ ఇవ్వకండి.

శ్రీను_నెల్లూరు
లక్ష్మి గారి మాటే నాది.

డా_పద్మ
మన దగ్గర 2019 నాటి కొత్త మందుల ట్రయల్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం సంగతి అందులో ఉండాలి. అందుకే 'మనం ఖర్చు' అన్నది చిన్న విషయం కాదు కిరణ్ గారూ. అలాగే కిరణ్ గారు చెప్పిన 'తప్ప' తప్పును ఇద్దరు మనుషులు దాటేసిందీ నిజమే లక్ష్మి గారూ. కాబట్టి తిరుగు అనువాదం తీసేయమని నేను అనను. ఇంగ్లీషులో కనపడని తేడాలను పక్కన నోట్ రాయమని తిరుగు అనువాదకుడికి ముందే చెప్తాం. 'వి' అని రాసి 'ఇందులో రోగి కూడా ఉన్నాడు' అని నోట్ పెడితే ఈ పేరా మొదటి రోజే దొరికేది. ఆ తర్వాత తెలుగు మాత్రమే చదివే నలుగురైదుగురికి ఇచ్చి, 'బాగుందా' అని కాకుండా 'మాత్ర ఎప్పుడు వేసుకోకూడదు? జబ్బు చేస్తే డబ్బు ఎవరిది? మధ్యలో మానేస్తే ఏమవుతుంది?' అని అడిగి వాళ్ళ మాటల్లో చెప్పించాలి.

కోడ్_కిరణ్
నోట్ రాయడం మెషిన్‌కి కూడా చెప్పొచ్చు. ప్రతి పత్రానికీ నలుగురిని పోగుచేసే టైమూ బడ్జెట్టూ ఎవరికుంది?

భాష్యం_లక్ష్మి
సమ్మతి పత్రానికి కూడా లేకపోతే ఇంకెప్పుడుంటుంది?

సునీత_వరంగల్
వార్డులో రోగుల వెంట వచ్చిన ముగ్గురితో పేరా చదివించి పద్మ మేడం చెప్పిన ప్రశ్నలే అడిగాను. మాత్ర వేసుకుని వెంటనే తినొచ్చని ముగ్గురూ చెప్పారు. ఖర్చు 'సగం మాది, సగం మీది కదా' అని ఒకాయన అన్నారు. పేరా ఇలా మార్చాను: "ఈ ట్రయల్ వల్ల మీ ఆరోగ్యానికి ఏదైనా హాని జరిగితే, వైద్యం ఖర్చు మొత్తం మేమే పెట్టుకుంటాం. మాత్ర వేసుకునే ముందు రెండు గంటలు, వేసుకున్నాక రెండు గంటలు ఏమీ తినకూడదు. మీరు ఎప్పుడైనా ట్రయల్ మానేయొచ్చు. మానేసినా మీకు మామూలుగా అందే వైద్యం ఆగదు."

కోడ్_కిరణ్
మూలంలో 'మీల్' అంటే భోజనం. 'ఏమీ తినకూడదు' అన్నారు, బిస్కెట్ కూడా వద్దనా? 'మొత్తం' అన్న మాట మూలంలో ఉందా? కొత్త విండోలో తిరిగి ఇంగ్లీషు చేసి చూడండి, రెండూ బయటపడతాయి.

డా_పద్మ
రెండూ అడగాల్సినవే. బిస్కెట్ సంగతి ప్రోటోకాల్ చూసి చెప్పాలి సునీత గారూ, 'మొత్తం' ఉంచాలంటే స్పాన్సర్‌ని అడగాలి.