మధ్యాహ్నం రెండుంపావుకు నడినెత్తిన సూర్యుడు: స్పెయిన్ గడియారం ఎవరిది?

వలసపక్షి:
స్పెయిన్ పటంలో చూస్తే లండన్‌కు తిన్నగా కింద, ఇంకా చెప్పాలంటే కొంచెం పడమటికే ఉంది. పక్కనున్న పోర్చుగల్ లండన్ సమయమే పాటిస్తోంది. స్పెయిన్ మాత్రం బెర్లిన్, వార్సా నగరాలతో సమానంగా గడియారం తిప్పుతోంది. ఎందుకిలా? దీన్ని మార్చాలంటారా?

పాతపేట రాజు:
దీని వెనకున్నది హిట్లర్. 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో జర్మనీని మెప్పించడానికి గడియారాన్ని గంట ముందుకు జరిపించాడు. ఇద్దరు నియంతల స్నేహానికి గుర్తును ఆ దేశం ఎనభై ఏళ్ళు దాటినా మోస్తోంది. ఇందులో చర్చించడానికి ఏముంది, రేపే మార్చెయ్యాలి.

సుబ్బలక్ష్మి:
ఎండాకాలంలో గంట ముందుకు, చలికాలంలో గంట వెనక్కి జరుపుతారు, అదేనా? మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది, అక్కడా అంతే. కరెంటు ఆదా కోసమని చెప్పింది.

వలసపక్షి:
అది కాదండీ. ఏటా జరిగే ఆ మార్పు పోర్చుగల్‌లోనూ ఉంది. నేను అడిగేది ఏడాది పొడవునా ఉండే ఆ అదనపు గంట గురించి.

నీడగడియారం:
రాజు గారూ, సంవత్సరం మీరు సరిగ్గానే చెప్పారు. కారణం దగ్గరే నాకు అభ్యంతరం. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

1940 మార్చి 16 రాత్రి 11 గంటలకు స్పెయిన్ గడియారాలను 12కు తిప్పారు. అప్పటికి మూడు వారాల ముందే, ఫిబ్రవరి చివర్లో, బ్రిటన్, ఫ్రాన్స్, పోర్చుగల్ మూడూ గంట ముందుకు జరిగాయి. ఆ రోజుకు బ్రిటన్, ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధం చేస్తున్న దేశాలు. జర్మనీ మామూలు సమయమే ఆ గంట ముందుది. అంటే మార్చి 17 ఉదయాన లండన్, పారిస్, లిస్బన్, బెర్లిన్, మాడ్రిడ్ అన్నిటిలోనూ గడియారం ఒకే అంకె చూపించింది. రెండు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ 1న, జర్మనీ మరో గంట ముందుకు దూకింది. బెర్లిన్ వెంట నడవడమే ఫ్రాంకో ఉద్దేశమైతే స్పెయిన్ కూడా ఆ రోజే దూకాలి. దూకలేదు. హిట్లర్, ఫ్రాంకో అందాయ్ రైల్వే స్టేషన్లో కలుసుకున్నది కూడా అదే ఏడాది అక్టోబరులో, గడియారం మారిన ఏడు నెలలకు.

ఆ ఉత్తర్వులో రాసిన కారణం మిగతా యూరప్ దేశాల సమయంతో కలిసి నడవడం. ఏ దేశం పేరూ లేదు. అందులోనే ఇంకో మాట ఉంది: మామూలు సమయానికి ఎప్పుడు తిరిగి వెళ్ళాలో తగిన వేళలో తేదీ ప్రకటిస్తామని. ఆ తేదీ ఇప్పటిదాకా ప్రకటించలేదు. యుద్ధం ముగిశాక బ్రిటన్, పోర్చుగల్ వెనక్కి వెళ్ళాయి, ఫ్రాన్స్, స్పెయిన్ వెళ్ళలేదు. తాత్కాలికమని మొదలుపెట్టిన పని అలాగే ఉండిపోయింది. నాకు కనిపించే అసలు కారణం ఇదే.

విగో నుంచి:
నేను స్పెయిన్ పడమటి కొసన విగోలో నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఈ గంట ఎంత బరువో నాకు తెలుసు. మొన్న జూన్ 21న బాల్కనీలో ఒక కర్ర నిలువుగా కట్టి, దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఎప్పుడుంటుందో చూశాను. నా ఫోన్లో అప్పుడు 2:37. అదీ మా నడిమధ్యాహ్నం. సాయంత్రం పది దాటినా ఎండ తలుపు దగ్గర ఉంటుంది. డిసెంబరు చివర్లో మాత్రం తొమ్మిది దాటితే కానీ సూర్యుడు రాడు. పాపను బడికి చేర్చేది వీధి దీపాల వెలుగులోనే. చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే "ఇంకా రాత్రే కదా నాన్నా" అంటుంది.

ఇక్కడికి దగ్గర్లో తుయి అనే ఊరుంది. అక్కడ మీన్యో నది మీద వంతెన దాటితే పోర్చుగల్, గడియారం గంట వెనక్కి పోతుంది. సూర్యుడు అదే, చలి అదే, అవతలి పిల్లలకు మాత్రం బడివేళకు వెలుగుంటుంది.

నీడగడియారం:
మీ కర్ర లెక్క అచ్చంగా సరిపోయింది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. స్పెయిన్ పాటించే సమయం జర్మనీ తూర్పు అంచున గోర్లిట్స్ మీదుగా పోయే 15 డిగ్రీల తూర్పు రేఖది. విగో దాదాపు 8.7 డిగ్రీల పడమర. మధ్య 23.7 డిగ్రీలు, అంటే 95 నిమిషాలు. దానికి వేసవి గంట కలిపితే 2:35. ఆ రోజుల్లో సూర్యుడు ఒకటి రెండు నిమిషాలు వెనకబడి ఉంటాడు, కాబట్టి 2:37.

ఇంకో లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే గడియారం మార్చగానే జీవితం మారిపోతుందని అందరూ అనుకుంటున్నారు. చలికాలంలో మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు 1:15కు. వాళ్ళు అన్నం తినేది 2 గంటలకు, అంటే నడిమధ్యాహ్నం దాటిన 45 నిమిషాలకు. రోమ్‌లో నడిమధ్యాహ్నం 12:10, భోజనం 1 గంటకు, అంటే 50 నిమిషాలకు. అంకె తేడాగా ఉన్నా కడుపులు సూర్యుడినే అనుసరిస్తున్నాయి. ఆలస్యంగా తింటారని మనం చెప్పుకునే స్పెయిన్ మధ్యాహ్నం విషయంలో ఆలస్యం కాదు.

పాతపేట రాజు:
తేదీల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, ఏప్రిల్ 1 సంగతి నాకు తెలియదు. కానీ రాత్రి సంగతి ఏమిటి? మాడ్రిడ్‌లో తొమ్మిదిన్నరకు భోజనం, టీవీలో పెద్ద కార్యక్రమాలు పదిన్నర దాటాక. పొద్దున్నే ఆఫీసు వేళ మాత్రం మిగతా యూరప్ లాగానే. ఆ నిద్ర ఎవరు తిరిగిస్తారు? 2013లో వాళ్ళ పార్లమెంటు ఉపసంఘమే పాత సమయానికి తిరిగి వెళ్ళే విషయం పరిశీలించాలని సిఫారసు చేసింది.

నీడగడియారం:
చేసింది. రాత్రి భోజనం సూర్యుడి లెక్కలో కూడా రోమ్ కంటే అరగంట వెనకే, అది నిజం. కానీ ఆ అరగంట ఆఫీసులో మధ్యాహ్నం రెండు గంటల విరామం ఇచ్చి సాయంత్రం ఏడెనిమిది దాకా కూర్చోబెట్టడం వల్ల వచ్చింది. గడియారం ముట్టుకోకుండానే దాన్ని సరిచేయవచ్చు.

సుబ్బలక్ష్మి:
ఇప్పుడు అర్థమైంది. మనకూ ఇలాంటిదే ఉంది కదా. మన దేశ సమయం 82.5 డిగ్రీల రేఖది, అది మా కాకినాడ పక్కనుంచే పోతుంది, కాబట్టి మాకు మధ్యాహ్నం పన్నెండంటే పన్నెండే. అస్సాంలో మాత్రం సూర్యుడు చాలా ముందే వచ్చేస్తాడు. అందుకే అక్కడి తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందు పెట్టుకుంటారు, బాగాన్ సమయం అంటారు. స్పెయిన్‌లో కూడా ఎవరి ఊరికి వారు బడివేళ మార్చుకోకూడదా?

వలసపక్షి:
బార్సిలోనాలో ఉండే మా తమ్ముడు మార్పంటేనే వద్దంటున్నాడు. డిసెంబరులో అక్కడ ఇప్పుడే 5:20 ప్రాంతానికి సూర్యాస్తమయం. గంట వెనక్కి జరిపితే 4:20కే చీకటి. బలెయారిక్ దీవులైతే ఇంకా తూర్పు. వాళ్ళ ప్రాంతీయ పార్లమెంటు 2016లో ఏడాదంతా వేసవి సమయమే ఉంచాలని అడిగింది.

విగో నుంచి:
మా గలీసియాలో అడిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం, పోర్చుగల్ సమయం కావాలని. ఒకే దేశంలో రెండు గడియారాలు కుదరవని నాతో అనకండి, కెనరీ దీవులకు ఇప్పటికే గంట వెనక సమయం ఉంది. రేడియోలో సమయం చెప్పినప్పుడల్లా "కెనరీలో గంట తక్కువ" అని కలుపుతారు.

నీడగడియారం:
పోర్చుగల్ అనుభవం చూసి నాకు మీ వైపే మొగ్గు కలుగుతోంది. వాళ్ళు 1992లో స్పెయిన్ సమయానికి మారారు, చీకట్లో బడికెళ్ళే పిల్లలను నాలుగేళ్ళు చూసి 1996లో వెనక్కి వచ్చారు. కానీ పోర్చుగల్‌కు తూర్పు కొసన బార్సిలోనా లాంటి ఊరు లేదు. గలీసియాకు వేరే గంట ఇస్తే, విగో నుంచి మాడ్రిడ్ వెళ్ళే రైలు ఏ స్టేషన్ దగ్గర సమయం మార్చుకోవాలి?

విగో నుంచి:
రైలు సంగతి రైల్వేవాళ్ళు చూసుకుంటారు. తుయి వంతెన మీద రోజూ మారుతూనే ఉంది కదండీ.