స్టెబిలిటీ సర్టిఫికెట్‌లో ‘కనిపించినంతవరకు’ అనే మాట ఎందుకు?

ఇంటాయన: కింద ఒకటి, పైన రెండు అంతస్తులతో ఇల్లు పూర్తయింది. ఆక్యుపెన్సీ కోసం స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ అడిగితే, ఇంజనీరు గారు ‘తనిఖీ చేసిన రోజున, కనిపించినంతవరకు, ఆమోదిత ప్లాన్‌లోని నివాస వినియోగానికి భవనం స్థిరంగా ఉంది’ అని రాశారు. ‘అన్ని విధాలా సురక్షితం’ అనమంటే అనరట. ఫీజు తీసుకుని ఇలా తప్పించుకోవచ్చా?

కాలమ్‌బీమ్: డిజైన్ చేసింది, స్లాబులు పోసేటప్పుడు దగ్గరుండి చూసింది ఈయనేనా?

ఇంటాయన: కాదండీ. మొదటాయన మొదటి స్లాబ్ తర్వాత మానేశారు. ఈయన రంగులు కూడా అయ్యాక వచ్చారు.

కాలమ్‌బీమ్: అయితే ఆయన తప్పించుకోలేదు, తనకు తెలిసింది రాశారు. రంగులయ్యాక వచ్చినవాడికి పగుళ్లు కనిపిస్తాయి, స్లాబ్ కిందికి దిగిందేమో తెలుస్తుంది. పిల్లర్‌లో 16 ఎంఎం కమ్మీ పడిందో 12 పడిందో, ఫుటింగ్ ఎంత లోతులో కూర్చుందో గోడ చూసి ఎవరూ చెప్పలేరు. మొదటాయన డ్రాయింగులు, స్లాబ్ పోసే ముందు కమ్మీ చూసి సంతకం పెట్టిన కాగితాలు, పోసిన కాంక్రీటుతోనే చేసిన దిమ్మెలను 28 రోజులకు నొక్కి చూసే క్యూబ్ టెస్టు ఫలితాలు ఉంటే తెచ్చివ్వండి. ‘ఈ రికార్డుల ఆధారంగా’ అని మరో వాక్యం చేర్చగలరు.

బిల్డర్‌మామ: ఇంత గొడవెందుకు? ఆఫీసులో ఫార్మాట్ ఉంటుంది. అందులో ఒక్క మాట మార్చినా ఫైలు వెనక్కొస్తుంది. ‘కనిపించినంతవరకు’ కొట్టేయమనండి. ఎలాగూ సర్టిఫికెట్ అంటే పదేళ్ల గ్యారంటీయే కదా.

కాలమ్‌బీమ్: ఫార్మాట్ సంగతి నిజమే. ఫార్మాట్‌ను ముట్టుకోకుండా ‘జతచేసిన తనిఖీ నివేదికకు లోబడి’ అని రాసి, పరిమితులన్నీ నివేదికలో పెడుతుంటాను. కొన్నిచోట్ల ఒప్పుకున్నారు, కొన్నిచోట్ల లేదు. గ్యారంటీ మాట మాత్రం తప్పు. చూసిన రోజున ఎలా ఉందో చెప్పే కాగితమది. మర్నాడు ఎవరో బీమ్‌కి ఏసీ పైపు కోసం బొక్క కొడితే దానికి ఆయన జవాబుదారీ కాదు.

వానచినుకు: మా ఇంటికీ ఇలాంటి సర్టిఫికెట్ ఇచ్చారు. మొదటి వానకే వంటగది స్లాబ్ కారింది. అడిగితే నాకు సంబంధం లేదన్నాడు ఆ మహానుభావుడు. ఇక ఆ కాగితం దేనికి?

కాలమ్‌బీమ్: కారడం వాటర్‌ప్రూఫింగ్ సమస్య, స్టెబిలిటీ కాదు. కానీ తడి మచ్చ కాకుండా కమ్మీ వెంబడే తుప్పు రంగు గీత కనిపించినా, పెచ్చులు ఊడి ఇనుము బయటపడినా మళ్లీ ఇంజనీరుని పిలవండి. అప్పుడది స్ట్రక్చర్ సంగతే.

ఇంటాయన: నా ప్రశ్న పక్కకు పోతోంది. రికార్డుల్లేవు. మొదటాయన ఫోనెత్తడు. ఇప్పుడేం చేయాలి?

కాలమ్‌బీమ్: టెస్టులు చేయించండి. కొన్ని పిల్లర్లకు ప్లాస్టరింగ్ తీయించి స్కానర్‌తో కమ్మీ చూస్తారు. కాంక్రీటు మీద అనుమానముంటే కోర్లు, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్కలు, కోసి తీసి బలం చూస్తారు. వాటి బలం సగటు, డిజైన్‌లో అనుకున్న బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తక్కువ రాకూడదు. హ్యామర్ కొట్టి అంకె రాసిచ్చే టెస్టు ఒక్కటే నమ్మొద్దు, అది పైపొర గురించే చెబుతుంది. ఒక పిల్లర్ పక్కన గొయ్యి తవ్వించి ఫుటింగ్ చూపించండి. ఇంతా చేసినా చూడనివి చూడనట్టే ఉంటాయి.

ఇంటాయన: అంటే ఇంకో ఖర్చు! మీరూ మీరూ ఒకటే. కట్టినప్పుడు ఒకడు, సంతకానికి ఒకడు, టెస్టుకి ఒకడు. పైన ట్యాంకు కట్టి ఆరు నెలలైంది, గీత పడలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

కాలమ్‌బీమ్: ఏ ట్యాంకు?

ఇంటాయన: ఇటుకతో కట్టిన 6,000 లీటర్ల ట్యాంకు. 3 మీటర్లు, 2 మీటర్లు, నీళ్లు మీటరు ఎత్తు. ప్లాన్‌లో లేదు, తర్వాత కట్టించాను. అది కూడా కవర్ అయ్యేలా రాయమన్నాను, తప్పా?

కాలమ్‌బీమ్: ఇదండీ అసలు సంగతి. నీళ్లే 6 టన్నులు, చదరపు మీటరుకు 1,000 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా లెక్కేసేది దాదాపు 150. ఇటుక బరువు వేరే. ‘ఆమోదిత ప్లాన్‌లోని’ అన్న మాట దీనికోసమే పెట్టి ఉంటారు. మీరు పోట్లాడాల్సింది ‘కనిపించినంతవరకు’తో కాదు. ట్యాంకు కింద బీమ్‌లున్నాయా, ఉత్త స్లాబేనా?

వానచినుకు: నిండి ఉందా ఇప్పుడు?

ఇంటాయన: సగముంది. బీమ్ సంగతి తెలియదు, మేస్త్రీని అడగాలి.

కాలమ్‌బీమ్: అడిగేలోపు ఖాళీ చేయండి. తర్వాత ఆ భాగం మీద లెక్క కట్టించి, నిలవదంటే పిల్లర్ల మీద కూర్చునే బీమ్‌ల పైకి మార్చి, ప్లాన్‌లో చూపించి, అప్పుడు కొత్త సర్టిఫికెట్ అడగండి.

ఇంటాయన: మోటార్ ఆపాను, వాల్వ్ తిప్పాను. కానీ ‘కనిపించినంతవరకు’ అన్న మాట మాత్రం ఇప్పటికీ నాకు నచ్చలేదు.

బిల్డర్‌మామ: కొట్టేయమని చెప్పాగా.