చేసుకున్నమ్మకా, చేసుకున్నవారికా?

మాధవధార: ‘చేసుకున్న… చేసుకున్నంత మహదేవా’. నడుమ ‘అమ్మకు’నా, ‘వారికి’నా? బాధితులనే తప్పుబట్టే బుద్ధి మీద సోషల్ సైకాలజీ క్లాసులో చెప్పాలి.

భీమిలి: ‘అమ్మకు’. ‘వారికి’ అని తర్వాత మర్యాద కోసం దిద్దుకున్నారని నా అనుమానం. తిట్టిపోయడానికి ఆడమనిషే కావాలిగా!

గాజువాక: మీరు ‘మ్మ’ దగ్గరే ఆగిపోయారు, కిటుకు ‘కున్న’లో ఉంది. ‘చేసిన’ కాదు, చేసు‘కున్న’; ఫలితం కర్తకే తగిలిందని చెప్పే ‘కొను’ అది. ‘బీచ్ రోడ్డులో గొలుసు పోగొట్టుకున్న మహిళ’ అని వార్త రాస్తే అందులోనూ అదే ‘కొను’. దొంగ వాక్యంలోనే లేడు. సాయంత్రానికి ఇంట్లో మాట: ‘చీకటి పడ్డాక అంత బంగారం దిగేసుకుని ఎవరు వెళ్ళమన్నారు?’

భీమిలి: దొంగ లాక్కెళ్ళాడంటే లాక్కొని వెళ్ళాడనే. అక్కడా ‘కొను’ ఉంది మాస్టారూ!

గాజువాక: ఉంది, కానీ అక్కడ కర్తకు దక్కింది లాభం.

కంచరపాలెం: జాగ్రత్త చెప్పడం కూడా తప్పేనా? మహదేవా అన్నారంటే ఇది శివభక్తి సామెత, కర్మఫలం గురించి.

మాధవధార: జాగ్రత్తకూ నిందకూ తేడా తెలియాలంటే, గొలుసు పోకుండా ఇల్లు చేరి ఉంటే అదే నగను తప్పుబట్టేవారా అని అడిగి చూడండి. 1966లో లెర్నర్, సిమన్స్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో చూస్తున్న విద్యార్థినులకు షాకులు తింటున్న అమ్మాయి నటిస్తోందని తెలియదు. ఆమెకు షాకులు ఆపించి బదులుగా డబ్బు ఇప్పించే వీలు దొరికినప్పుడు ఆమెను అంత చిన్నచూపు చూడలేదు. ఇంకా తప్పవు అన్నప్పుడు ఆమె విలువ తగ్గించారు. అన్నిటికన్నా తగ్గించింది తోటివారి కోసం షాకులకు ఒప్పుకున్నప్పుడు! మంచిమనిషికి అన్యాయం జరిగితే మనసుకు అంత ఇబ్బంది. అక్కడ వాళ్ళు అన్నది ‘తనే తెచ్చుకుంది’ అని కాదు, ‘మనిషే అంతంతమాత్రం’ అని. చుట్టాల కబుర్లలో ఈ రెండూ కలిసిపోతాయి, విడదీసి అడగాలి.

గాజువాక: అయితే క్లాసులో తేల్చేయండి. సగంమందికి ‘పోగొట్టుకుంది’, సగంమందికి ‘లాక్కెళ్ళాడు’ ఉన్న కాగితం, చీటీ తీసి పంచండి. ఆమె తప్పెంతో 1 నుంచి 7 వరకు మార్కులు వేయించండి. మనిషెలాంటిదో వేరే ప్రశ్న. వేళా, నగా రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. ఒకరికే రెండూ ఇచ్చారో, సంగతి పసిగట్టేస్తారు.

భీమిలి: ఆ కాగితాల్లో ‘కొను’ ఒక్కటే మారలేదు, దొంగ కూడా వచ్చి కూర్చున్నాడు. మార్కులు మారితే ఎవరి పుణ్యం? ‘ఆమె గొలుసు పోయింది’ అని మూడో కాగితం పెట్టండి, దొంగా ఉండడు, కొనూ ఉండదు.

గాజువాక: అది ఒప్పుకుంటాను.

భీమిలి: గురజాడ ‘పూర్ణమ్మ’ గేయం చూడండి. పూర్ణమ్మను ముసలివాడికి ముడివేసింది ఎవరో, కాసుకు లోనైంది ఎవరో వాక్యంలోనే పెట్టాడు.

కంచరపాలెం: ఆ గేయంలో ముడి ‘వేస్త్రి’యా, ‘వేస్త్రీ’యా? దీర్ఘం ఉందే!

మాధవధార: అయ్యా, నా ‘అమ్మకు’ సంగతి?