అప్‌డేట్: వీడియో టైటిల్‌లో ఒత్తులు విడిపోయే సమస్య తీరింది

నా ప్రశ్న ఇది: "ఎడిటర్ టైటిల్ టూల్‌లో ‘స్త్రీ’ అని పేస్ట్ చేస్తే స్, త్, రీ అని విడివిడిగా వస్తోంది. ఫాంట్ మార్చాలా?"

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఫాంట్‌కి దీనితో సంబంధం లేదు, నాలుగైదు మార్చినా అదే తీరు. ఫాంట్‌లో అక్షరాలే లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఇలా పొల్లు బయటికి కనిపిస్తోందంటే లోపం టైటిల్ టూల్‌దే. ‘స్త్రీ’ యూనికోడ్‌లో 6 సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి ఒత్తులుగా మార్చే సూత్రాలు ఫాంట్‌లోనే ఉంటాయి, ఈ టూల్ మాత్రం వాటిని చదవదు.

పనిచేసిన సలహా: టైటిల్‌ని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి బొమ్మగా తెచ్చుకోవడం. `Document Properties`లో పేజీని వీడియో ఫ్రేమ్ కొలతకే, అంటే 1920×1080 పిక్సెళ్లకు పెట్టాలి. `Noto Sans Telugu`లో రాసి, `Export`లో `Page` ఎంచుకుని PNGగా తీయాలి. వెనక భాగం పారదర్శకంగానే వస్తుంది. దాన్ని వీడియో పై ట్రాక్‌లో 100% సైజులోనే ఉంచండి, పెద్దది చేస్తే అంచులు మసకబారతాయి.

బొమ్మ కాబట్టి అక్షరం తర్వాత అక్షరం వచ్చే యానిమేషన్ కుదరదు, ఫేడ్ మాత్రం బాగానే వస్తుంది. ఇంక్‌స్కేప్‌లో సేవ్ చేసిన SVG ఫైల్ తప్పక దాచుకోండి, అక్షరదోషం దిద్దాలంటే అదే ఆధారం.